సైక్లోట్రాన్‌లో ప్రోటాన్ అర నానోసెకను ఎక్కడ ఆలస్యమవుతుంది?

మొన్న మా అక్కకి పెట్ స్కాన్ తీయించడానికి విశాఖపట్నం వెళ్ళాం. రాయగడలో ఉండేవాళ్ళకి పెద్దాసుపత్రి అంటే విశాఖే కదా. పరగడుపున రమ్మన్నారు. వెళ్ళాక మాత్రం మందు ఇంకా రాలేదని కూర్చోబెట్టారు. చివరికి సీసం డబ్బాలో చిన్న సిరంజి వచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చి, కదలకుండా గంటసేపు పడుకోమన్నారు.

తిరుగు రైల్లో మేనల్లుడు అడిగాడు, ఆ మందు ముందే తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు కదా అని. కుదరదు. అందులో ఉండేది ఫ్లోరిన్-18. దాని అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. పొద్దున్న తయారుచేసింది సాయంత్రానికి చాలావరకు కరిగిపోతుంది. అందుకే ఏ రోజు మందు ఆ రోజే, ప్రోటాన్లని గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచే యంత్రమైన సైక్లోట్రాన్‌లో తయారవుతుంది. ప్రత్యేకమైన నీటిని, అంటే ఆక్సిజన్-18 ఎక్కువగా ఉన్న నీటిని, వేగంగా వచ్చే ప్రోటాన్లతో కొడతారు. ప్రోటాన్ లోపలికి దూరి న్యూట్రాన్ బయటికి వస్తే ఆక్సిజన్ కాస్తా ఫ్లోరిన్ అవుతుంది.

నేను రాయగడలో ప్లస్ టూ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను, సగం తెలుగులో, సగం ఒడియాలో. సైక్లోట్రాన్ పాఠం దగ్గర ఏటా రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మావాడు ఆ రెండూ బొబ్బిలి దాటి పార్వతీపురం వచ్చేలోపే అడిగేశాడు.

మొదటిది: "మావయ్యా, వేగం పెరుగుతుంటే చుట్టు తొందరగా అయిపోవాలి కదా, టైము మారదంటారేంటి?"

స్కూల్ గ్రౌండులో సున్నంతో గీసిన పరుగుపందెం లైన్లు గుర్తు తెచ్చుకోండి. ఒకే లైనులో ఉండి వేగం పెంచితే చుట్టు తొందరగానే అయిపోతుంది, అందులో సందేహం లేదు. కానీ వేగం రెట్టింపు అయినప్పుడల్లా రెట్టింపు చుట్టుకొలత ఉన్న లైనులోకి నెట్టేస్తే? పరిగెత్తేవాడు ఎంత ఆయాసపడ్డా టైము అంతే. అయస్కాంత క్షేత్రం ప్రోటాన్‌ని చేసేది సరిగ్గా ఇదే.

అంత కచ్చితంగా ఎందుకు చేస్తుందన్నదే అసలు విషయం. గురుత్వం లాంటి బలాలకి వస్తువు ఎంత వేగంగా పోతోందో పట్టదు. అయస్కాంత బలం అలా కాదు, అది వేగంతో పాటే పెరుగుతుంది. ఆవేశం q, వేగం v, క్షేత్రం B అయితే బలం qvB. ప్రోటాన్ ద్రవ్యరాశి m అయితే ద్రవ్యవేగం mv. ఈ బలం ప్రోటాన్‌ని ముందుకూ లాగదు, వెనక్కీ లాగదు, దాని దిశను తిప్పుతుందంతే. ఎంత చురుగ్గా తిప్పుతుందన్నది ఆ బలం ద్రవ్యవేగంలో ఎన్నో వంతు ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. qvBని mvతో భాగిస్తే v కొట్టుకుపోతుంది. మిగిలేది qB/m. వేగంగా వచ్చేదాన్ని తిప్పడం కష్టమే, కానీ సరిగ్గా అంత మేరకు బలమూ పెరిగింది.

```
r = mv / qB
T = 2πr / v = 2πm / qB
f = qB / 2πm
```

r వ్యాసార్థం, T చుట్టుకి పట్టే టైము, f సెకనుకి చుట్లు. పిల్లలు ఈ మూడు లైన్లూ రాసేస్తారు. అంకెలు వేసి చూసేవాళ్ళు తక్కువ. క్షేత్రం 1.5 టెస్లా అనుకుందాం. ప్రోటాన్ ఒక చుట్టు తిరగడానికి 43.7 నానోసెకన్లు పడుతుంది. అంటే సెకనుకి దాదాపు 2 కోట్ల 29 లక్షల చుట్లు, రేడియో భాషలో 22.9 మెగాహెర్ట్జ్.

ఇప్పుడు రెండు ప్రోటాన్లను పక్కపక్కన పెడదాం. మొదటిది ఇప్పుడే బయలుదేరింది, శక్తి లక్ష ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక వోల్టు తోపుకి ప్రోటాన్ పొందే శక్తే ఒక ఎలక్ట్రాన్ వోల్టు. మధ్యలో 3 సెంటీమీటర్ల వ్యాసార్థంతో చిన్న గుండ్రం తిరుగుతోంది, ఒక చుట్టు 19 సెంటీమీటర్లు. రెండోదాని శక్తి కోటి ఎలక్ట్రాన్ వోల్టులు. వందరెట్లు శక్తి అంటే పదిరెట్లు వేగం, సెకనుకి 43 వేల కిలోమీటర్ల పైమాటే. దాని చుట్టు 30 సెంటీమీటర్ల వ్యాసార్థంలో, 1.92 మీటర్ల పొడవున ఉంటుంది. వేగమూ పదిరెట్లు, దారీ పదిరెట్లు. రెండూ ఒకే టైముకి ఇల్లు చేరతాయి. "ఒకే టైముకి" అన్న మాట దగ్గర ఒక చిన్న అబద్ధం ఆడాను. దాని సంగతి తర్వాత.

1930 ప్రాంతంలో అమెరికాలోని బర్కిలీలో ఎర్నెస్ట్ లారెన్స్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నది ఈ సంగతినే. చుట్టుకి పట్టే టైము మారనప్పుడు ప్రతి చుట్టుకీ వేరే ఏర్పాటు అక్కర్లేదు, ఒకే లయతో తట్టుతూ ఉంటే చాలు. గుండ్రటి స్వీటు డబ్బాని నిట్టనిలువుగా రెండుగా కోసి, రెండు ముక్కల్నీ కొంచెం ఎడంగా పెట్టండి. ఇంగ్లిష్ 'డి' అక్షరంలా ఉంటాయి కాబట్టి వాటిని డీలనే అంటారు. లోపల గాలి లేకుండా చేసి, పెద్ద అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య ఉంచుతారు. రెండు డీల మధ్య సందులో 22.9 మెగాహెర్ట్జ్ వేగంతో అటూ ఇటూ మారే వోల్టేజి ఉంటుంది. సందు దాటేటప్పుడు ప్రోటాన్‌కి ఒక తోపు పడుతుంది. తర్వాత అది డీ లోపలికి పోతుంది. డబ్బా లోహంతో చేసింది కాబట్టి లోపల విద్యుత్ క్షేత్రం దాన్ని తాకదు. అక్కడ అరచుట్టు తిరిగి సందుకి వచ్చేసరికి వోల్టేజి తిరగబడి ఉంటుంది. మళ్ళీ తోపు. ఊయలకి సరైన క్షణంలో చెయ్యి తగిలిస్తూ పోవడం లాంటిదే. 1931 జనవరిలో లారెన్స్, ఆయన విద్యార్థి స్టాన్లీ లివింగ్‌స్టన్ కలిసి నాలుగున్నర అంగుళాల యంత్రంలో 2 వేల వోల్టులకు లోపే వాడి, అయాన్లకి 80 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి తెప్పించారు. నలభై పైచిలుకు తోపులు ఒకదాని మీద ఒకటి కలిసొచ్చాయన్నమాట.

లయ నిజంగానే కలిసిందని వాళ్ళకి ఎలా తెలిసింది? రేడియో పౌనఃపున్యాన్ని కదపకుండా ఉంచి, అయస్కాంతంలో కరెంటుని మెల్లగా పెంచుతూ పోయారు. చివర పెట్టిన పలకకి చేరే కరెంటు చాలాసేపు నామమాత్రంగా ఉండి, ఒక్క క్షేత్రం విలువ దగ్గర నిటారుగా లేచి, అది దాటగానే పడిపోయింది. ఆ సన్నటి శిఖరమే సాక్ష్యం. ఎన్ని ఎక్కువ చుట్లు తిప్పితే ఆ శిఖరం అంత సన్నబడుతుంది. వంద చుట్లు తిప్పే యంత్రంలో క్షేత్రం ఒక శాతంలో పావు వంతు తప్పినా, ఆఖరికి ప్రోటాన్ పావు చుట్టు తేడాగా వస్తుంది. అయస్కాంతం వేడెక్కి క్షేత్రం కాస్త జరిగినా బీమ్, అంటే ప్రోటాన్ల పుంజం, పోతుంది. పొద్దున్నే స్విచ్ వేసి, అయస్కాంతం స్థిరపడేదాకా ఆపరేటర్లు కాచుకు కూర్చునేది ఇందుకే.

మావాడి రెండో ప్రశ్న దీనికన్నా మంచిది. "చివరి శక్తి ఫార్ములాలో వోల్టేజి లేనే లేదు కదా మావయ్యా. మరి పెద్ద వోల్టేజి ఎందుకు? కావలసినన్ని చుట్లు తిప్పుకుంటే పోలా?"

```
E = q²B²R² / 2m
```

నిజమే, ఇందులో ఉన్నవి క్షేత్రం, అయస్కాంతం అంచు దాకా ఉన్న వ్యాసార్థం, అంతే. తోపు చిన్నదైతే చుట్లు ఎక్కువ పడతాయి, పెద్దదైతే తక్కువ. ఎలాగైనా అంచుకి చేరితే శక్తి ఒకటే. పరీక్షలో ఇలా రాస్తే ఫుల్ మార్కులు. దీని ప్రకారం వ్యాసార్థం రెట్టింపు చేస్తే శక్తి నాలుగు రెట్లు రావాలి, పెద్ద అయస్కాంతాలు కట్టుకుంటూ పోతే అంతే లేకూడదు. అలా జరగలేదు. నేను ఇందాక ఆడిన అబద్ధం ఇక్కడ బయటపడుతుంది.

చాలా పుస్తకాలు "కాంతి వేగానికి దగ్గరవుతున్న కొద్దీ ద్రవ్యరాశి పెరుగుతుంది, కాబట్టి ఇక వేగం పెంచలేం" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. ఈ వాక్యం నాకు నచ్చదు. చదివినవాళ్ళు ప్రోటాన్ ఏదో గోడకి తగిలి ఆగిపోయిందనుకుంటారు. కోటి ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ వేగం కాంతి వేగంలో 15 శాతం కూడా లేదు. దానికి శక్తి ఇవ్వడం ఏ మాత్రం కష్టం కాదు. కష్టమల్లా టైముతోనే.

వేగం పెరిగితే ద్రవ్యవేగం సరిగ్గా అదే పాళ్ళలో పెరగదు, కొంచెం ఎక్కువ పెరుగుతుందని ఐన్‌స్టీన్ సాపేక్షత చెబుతుంది. బలం మాత్రం ఇంకా qvB గానే ఉంది. ఇందాక బలాన్ని ద్రవ్యవేగంతో భాగించి v కొట్టేశాం కదా, ఇప్పుడు పూర్తిగా కొట్టుకుపోదు. కింద ఒక చిన్న గుణకం మిగిలిపోతుంది. ప్రోటాన్ నిశ్చలశక్తి, అంటే కదలకుండా ఉన్నా దానిలో ఉండే శక్తి, 938 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అది సంపాదించిన శక్తి ఈ 938లో ఎన్నో వంతో, చుట్టుకి పట్టే టైము అన్నో వంతు పెరుగుతుంది. 10 మిలియన్, అంటే ఇందాకటి కోటి, ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇది నూటికి ఒకటి చిల్లర. 43.7 నానోసెకన్ల చుట్టు 44.2 అవుతుంది. తేడా అర నానోసెకను కూడా లేదు.

అంత చిన్న ఆలస్యం ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. ఒక్క చుట్టులో ఏమీ చేయదు. కానీ ఇది రోజుకి పది సెకన్లు వెనకబడే గోడగడియారం లాంటిది. ఒక్క రోజులో తెలియదు, ఏడాది తిరిగేసరికి గంట తేడా వచ్చేసి రైలు తప్పిపోతుంది. కాబట్టి ఆలస్యాన్ని చుట్టు చుట్టుకీ కూడుకుంటూ పోవాలి.

సందులో గరిష్ఠ వోల్టేజి 50 వేలు అనుకుందాం. చుట్టుకి రెండు తోపులు, అంటే లక్ష ఎలక్ట్రాన్ వోల్టులు. 10 మిలియన్‌కి చేరడానికి 100 చుట్లు. మొదట్లో ఆలస్యం సున్నా, చివర్లో 1.07 శాతం, సగటున చుట్టుకి 0.53 శాతం. నూరు చుట్లకి మొత్తం కలిపితే 53 శాతం, అంటే సగం చుట్టు పైనే. సగం చుట్టు ఆలస్యమంటే అర్థమేంటి? ప్రోటాన్ సందు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ముందుకు తోయాల్సింది వెనక్కి లాగుతుంది.

అసలు చిక్కు అంతకన్నా ముందే మొదలవుతుంది. పావు చుట్టు వెనకబడేసరికే వోల్టేజి సున్నా దాటే క్షణంలో వస్తుంది, తోపు ఉండదు. పైగా ఆలస్యం పెరిగే కొద్దీ తోపులు బలహీనపడతాయి, అందువల్ల ఇంకా ఎక్కువ చుట్లు పడతాయి, అందువల్ల ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఈ మెలికని కూడా లెక్కలోకి తీసుకుంటే, సరైన క్షణంలో బయలుదేరిన ప్రోటాన్ ఈ యంత్రంలో దాదాపు 5.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఆగుతుంది. వ్యాసార్థం అప్పటికి 23 సెంటీమీటర్లే. అయస్కాంతం మీటరు వ్యాసార్థం ఉన్నా లాభం లేదు. ఆ తర్వాత ప్రోటాన్ ఇంకా బయటికి పోదు. తప్పుడు క్షణాల్లో సందు దాటుతూ, తీసుకున్న శక్తిని తోపు తోపుకీ తిరిగి ఇచ్చేస్తూ, వచ్చిన సుడిలోనే మధ్యకి వెనక్కి వస్తుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముచ్చటైనది ఈ తిరుగు ప్రయాణమే.

గడియారం వెనకబడుతుందని తెలిస్తే ఏం చేస్తాం? ముందే కొంచెం ఫాస్టుగా పెట్టుకుంటాం. సైక్లోట్రాన్ వాళ్ళూ అదే చేస్తారు. క్షేత్రాన్ని కావలసిన దానికన్నా ఒక శాతంలోపు పెంచి ఉంచితే, ప్రోటాన్ మొదట వోల్టేజి కన్నా తొందరగా తిరుగుతుంది. పావు చుట్టు ఆలస్యంతో బయలుదేరి, ఆ ఆలస్యాన్ని పూడ్చుకుని, పావు చుట్టు ముందుకి పోయి, శక్తి పెరిగాక మెల్లగా వెనకబడుతూ మళ్ళీ పావు చుట్టు ఆలస్యానికి చేరేలోపు పని పూర్తిచేసుకోవచ్చు. ఈ ఉపాయాన్ని చివరంటా పిండితే, అదే 50 వేల వోల్టులతో కాగితం మీద 15.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది. నిజం యంత్రంలో అంతకన్నా తక్కువే.

ఇప్పుడు మావాడి ప్రశ్నకి జవాబు దొరికింది. చుట్టుకి ఆలస్యం శక్తిని బట్టి పెరుగుతుంది. చుట్ల సంఖ్య శక్తిని వోల్టేజితో భాగిస్తే వస్తుంది. రెండూ గుణిస్తే మొత్తం ఆలస్యం, అంటే శక్తి వర్గాన్ని వోల్టేజితో భాగించినట్టు. ఆలస్యానికి హద్దు అర చుట్టో పావు చుట్టో ఉంది కాబట్టి, శక్తి రెట్టింపు కావాలంటే వోల్టేజి నాలుగు రెట్లు కావాలి. ఫార్ములాలో కనబడని వోల్టేజి, అసలు హద్దుని నిర్ణయించేది తానే అయి కూర్చుంది. ఇదే యంత్రంలో 31 మిలియన్ కావాలంటే 2 లక్షల వోల్టులు. 100 మిలియన్‌కి దాదాపు 21 లక్షల వోల్టులు. మెగాహెర్ట్జ్ లయలో అంత వోల్టేజిని శూన్యంలో నిలబెడితే డీల మధ్య నిప్పురవ్వలు లేవకుండా ఉంటాయా?

ఈ హద్దుని 1937లోనే హాన్స్ బేథే, మోరిస్ రోజ్ లెక్కగట్టి చూపించారు. లారెన్స్ తగ్గలేదు. 184 అంగుళాల యంత్రం తలపెట్టి, డీలకి పది లక్షల వోల్టుల పైచిలుకు పెట్టి 100 మిలియన్‌కి చేరతానన్నాడు. పైన వేసిన లెక్కలో ప్రోటాన్ బదులు దానికి రెట్టింపు బరువున్న డ్యూటెరాన్‌ని పెట్టి చూడండి, 21 లక్షలు కాస్తా సగమై పది లక్షల దగ్గరికే వస్తుంది. ఆయన పిచ్చిగా ఏమీ అనలేదు. ఈలోగా యుద్ధం వచ్చి ఆ అయస్కాంతం వేరే పనికి పోయింది.

యంత్రం దగ్గర కూర్చున్నవాళ్ళకి ఈ ఆలస్యం ఎలా కనబడుతుందో చెప్పాలి. రాగి తల ఉన్న పొడవాటి కడ్డీని పక్కనుంచి లోపలికి జరుపుతూ, ఏ వ్యాసార్థం దగ్గర ఎంత బీమ్ కరెంటు తగులుతోందో చూస్తారు. ఒక వ్యాసార్థం దాకా కరెంటు నిలకడగా ఉండి, ఆ తర్వాత నిట్టనిలువుగా పడిపోతే అనుమానం టైము మీదికే పోతుంది. అప్పుడు డీ వోల్టేజిని కాస్త పెంచి చూస్తారు. కరెంటు పడిపోయే చోటు బయటికి జరిగితే దొంగ దొరికినట్టే, ఆలస్యమే కారణం. జరగకపోతే బీమ్ పైకో కిందికో జారి డీ గోడలకి తగులుతోందేమో చూడాలి. పడిపోవడం నిటారుగా కాక మొదటినుంచీ మెల్లమెల్లగా ఉంటే లోపల గాలి సరిగ్గా తీయలేదేమోనని పంపుల వైపు చూస్తారు.

ఇంతా విని మావాడు, "అయితే బయటికి పోయే కొద్దీ క్షేత్రాన్ని పెంచుకుంటూ పోతే సరి కదా" అన్నాడు. సరైన మాటే. 10 మిలియన్ దగ్గర టైము 1.07 శాతం పెరిగితే అక్కడ క్షేత్రమూ 1.07 శాతం ఎక్కువ ఉండాలి, అంతే. కానీ ప్రోటాన్లు గీత గీసినట్టు ఒకే సమతలంలో తిరగవు, కాస్త పైకీ కిందికీ ఊగుతుంటాయి. బయటికి పోయే కొద్దీ క్షేత్రం తగ్గుతుంటే బలరేఖలు బయటికి ఉబ్బి, పైకి జారినదాన్ని కిందికి, కిందికి జారినదాన్ని పైకి నెట్టి మధ్యకి తెస్తాయి. అందుకే పాత సైక్లోట్రాన్లలో క్షేత్రాన్ని కావాలనే అంచు వైపు కొంచెం తగ్గించేవారు, ఆలస్యం ఇంకా పెరుగుతుందని తెలిసి కూడా. క్షేత్రాన్ని పెంచితే ఈ పనే తిరగబడుతుంది, పైకి జారినది ఇంకా పైకే పోతుంది. టైము కుదిరితే బీమ్ చెదురుతుంది, బీమ్ కుదిరితే టైము చెదురుతుంది.

ఈ ముడికి ఒక పరిష్కారం లయనే మార్చడం. ప్రోటాన్ల గుంపు ఒకటి బయలుదేరాక, అది వెనకబడే కొద్దీ రేడియో పౌనఃపున్యాన్ని కూడా తగ్గించుకుంటూ పోవాలి. 184 అంగుళాల యంత్రం 1946లో చివరికి ఈ పద్ధతిలోనే పనిచేసింది. డ్యూటెరాన్లకి 190 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు ఇచ్చింది, పది లక్షల వోల్టుల అవసరమే పడలేదు. కానీ ఒక గుంపు అంచుకి చేరేదాకా రెండో గుంపు ఆగాలి. బీమ్ ధారలా కాక విడతలు విడతలుగా వస్తుంది, మొత్తం కరెంటు బాగా తగ్గిపోతుంది. మందు తయారుచేసేవాళ్ళకి కావలసింది కరెంటే కాబట్టి ఇది వాళ్ళకి పనికిరాదు.

రెండో పరిష్కారం 1938లోనే లువెలిన్ థామస్ చెప్పాడు, చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. అయస్కాంతం ధ్రువాలని చదునుగా కాకుండా గట్లు, పల్లాలుగా చేయాలి, పనసతొనల్లా మధ్యనుంచి బయటికి. గట్టు ఉన్నచోట ధ్రువాలు దగ్గరగా ఉండి క్షేత్రం ఎక్కువ, పల్లం ఉన్నచోట తక్కువ. ప్రోటాన్ దారి అందువల్ల నిండు గుండ్రం కాదు, మూలలు అరిగిన త్రికోణంలానో చతురస్రంలానో ఉంటుంది. అది ప్రతి గట్టు అంచునీ ఏటవాలుగా దాటుతుంది. ఆ దాటే చోటే పైకీ కిందికీ జారినవాటిని మధ్యకి నెట్టే బలం పుడుతుంది. ఆ పని గట్ల అంచులు చూసుకుంటాయి కాబట్టి సగటు క్షేత్రాన్ని టైముకి తగ్గట్టు బయటికి పెంచుకోవచ్చు. 1977లో కలకత్తాలో మొదటి బీమ్ ఇచ్చిన 224 సెంటీమీటర్ల సైక్లోట్రాన్ ఈ రకమే, దానికి మూడు గట్లు.

ఆసుపత్రుల మందు చేసే చిన్న యంత్రాలూ ఈ రకమే. వాటిలో చాలావాటిలో తిరిగేది ప్రోటాన్ కాదు, ఒక ఎలక్ట్రాన్ అదనంగా తగిలించుకున్న హైడ్రోజన్ అయాన్. అంచు దగ్గర పల్చటి కార్బన్ రేకు గుండా పంపితే రెండు ఎలక్ట్రాన్లూ ఊడిపోతాయి, ఆవేశం తిరగబడి ప్రోటాన్ ఎదురు దిశలో వంగి తనంతట తానే బయటికి వస్తుంది. 18 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులకి చేసిన యంత్రమైతే అంచు దగ్గర సగటు క్షేత్రం మధ్యలో కన్నా 1.9 శాతం ఎక్కువ ఉండాలి. నడిమధ్యన 1.5 టెస్లా ఉంటే అంచున 1.53. ఆ మూడు వందో వంతుల కోసం ఇనుప గట్లని కొలిచి, అరగదీసి, మళ్ళీ కొలుస్తారు.

రాయగడ స్టేషన్ వచ్చింది. అక్క నిద్రలేచి, "ఇంతసేపూ ఏంట్రా మీ గొడవ" అంది. పొద్దున్న ఆవిడకి ఇచ్చిన ఫ్లోరిన్‌లో అప్పటికి పావు వంతు కన్నా తక్కువే మిగిలి ఉంటుంది.